చనిపోయినవారి జీమెయిల్, ఫోటోలు: పాస్‌వర్డ్ లేకుండా ఏది దొరుకుతుంది, ఏ వరుసలో అడగాలి

గాజువాకలో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. కరెంటు బిల్లులు, పెన్షన్ కాగితాలు, పరీక్ష దరఖాస్తులు రోజూ ఉండే పనులే. ఈ రెండు మూడేళ్ళుగా మాత్రం ఇంకో ప్రశ్న తరచుగా వస్తోంది. "నాన్నగారు పోయారండి. ఆయన జీమెయిల్ తెరవాలి. గూగుల్‌కి రాసి పాస్‌వర్డ్ తెప్పిస్తారా?"

తెప్పించలేను. డబ్బు తీసుకుని తెప్పిస్తామనేవాళ్ళూ తెప్పించలేరు. అయితే పాస్‌వర్డ్ లేకుండానే అయ్యే పనులు చాలా ఉన్నాయి. వరుస తప్పితే వాటిలో కొన్ని శాశ్వతంగా చేజారిపోతాయి, అందుకే ఇది వివరంగా రాస్తున్నాను. ముఖ్యంగా గూగుల్ ఖాతా గురించే చెప్తాను, మన ఇళ్ళలో ఎక్కువ ఫోన్లు ఆండ్రాయిడ్‌వే కాబట్టి. మా పెదనాన్న పోయినప్పుడు మేం చేసిందీ, చెడగొట్టుకున్నదీ మధ్యమధ్యలో వస్తాయి.

## 1. పెద్దకర్మ అయ్యేదాకా ముట్టుకోకూడనివి

మొదటి పది పన్నెండు రోజుల్లో నష్టం ఎక్కువగా మన చేతులతోనే జరుగుతుంది.

సిమ్ తీయించొద్దు. "ఇంక ఈ నంబరెందుకు" అని ఎవరో ఒకరు అంటారు. బ్యాంకు, బీమా, గ్యాస్ అన్నీ ఆ నంబరుకే మెసేజ్ పంపుతాయి. ఆయనకు ఎక్కడెక్కడ ఏమున్నాయో మనకు తెలిసేది ఆ మెసేజ్‌ల వల్లే. రీచార్జ్ అయిపోయి చాలాకాలం వాడకపోతే కంపెనీ ఆ నంబరు తీసేసుకుని మరొకరికి ఇచ్చేస్తుంది. కనీస రీచార్జ్ చేసి ఉంచండి. మరణ ధ్రువపత్రం వచ్చాక సిమ్ కంపెనీ స్టోర్‌కి వెళ్ళి, ఆ నంబరును వారసుల్లో ఒకరి పేరుకు మార్పించుకోండి.

ఫోన్ రీసెట్ చేయొద్దు. పిల్లలకు ఇద్దామని ఫోన్ మొత్తం చెరిపేస్తే లోపలి ఫోటోలు పోతాయి. అంతటితో అయిపోదు. లాక్ తెలియక బటన్లు నొక్కి రీసెట్ చేసిన ఆండ్రాయిడ్ ఫోన్, మళ్ళీ ఆన్ కాగానే పాత గూగుల్ ఖాతా వివరాలో పాత లాకో అడుగుతుంది. అవి తెలియకపోతే ఆ ఫోన్ ఎవరికీ పనికిరాదు.

ప్యాటర్న్ ఊహించి గీయొద్దు. మా అన్నయ్య ఇదే చేశాడు. తప్పు గీసిన కొద్దీ ఫోన్ మళ్ళీ ప్రయత్నించనిచ్చే వ్యవధి పెరుగుతూ పోయింది. సాయంత్రానికి ఇంట్లో గొడవ తప్ప ఫలితం లేదు.

బ్యాంకు ఖాతా మూయించే ముందు ఒక స్టేట్‌మెంట్ తీసుకోండి. బ్యాంకుకు మరణం సంగతి వెంటనే తెలియజేయాలి, అందులో ఆలస్యం వద్దు. కానీ గత పన్నెండు నెలల స్టేట్‌మెంట్ ప్రింట్ అడగండి. నెలనెలా ఏ కంపెనీకి ఎంత కట్ అయిందో చూస్తే ఆయన వాడిన ఆన్‌లైన్ ఖాతాలు సగం బయటపడతాయి. పెదనాన్న స్టేట్‌మెంట్‌లో గూగుల్ స్టోరేజ్‌కి నెలనెలా కట్టే చిన్న మొత్తం కనిపించింది. అప్పటిదాకా ఆయన ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయన్న సంగతే మాకు తెలియదు.

## 2. మీకు కావలసింది ఖాతానా, అందులో ఉన్నదా?

ఫారాలకంటే ముందు ఒక కాగితం తీసుకోండి. "మెయిల్ తెరవాలి" అని రాయకండి. తెరిచి ఏం తీసుకోవాలనుకుంటున్నారో రాయండి.

పెద్దమ్మను కూర్చోబెట్టి అడిగితే మూడే చెప్పింది. ఎల్‌ఐసీ పాలసీ కాగితాలు. మనవరాలి అన్నప్రాశన నుంచి తీసిన ఫోటోలు. చివరగా, ఆయన పేరుతో ఎవరూ మెయిల్ వాడకుండా మూసేయడం.

ఇలా రాయగానే చిక్కు సగం విడిపోతుంది. పాలసీ కాగితం మెయిల్‌లో ఉన్నది నకలు మాత్రమే, అసలు రికార్డు ఎల్‌ఐసీ బ్రాంచిలో ఉంటుంది. నామినీగా పెద్దమ్మ మరణ ధ్రువపత్రం, తన గుర్తింపు కార్డు పట్టుకుని బ్రాంచికి వెళ్తే మెయిల్‌తో పనే లేదు. బ్యాంకు, మ్యూచువల్ ఫండ్, ఇంటి పన్ను, కరెంటు, అన్నీ అంతే. ఎవరిచ్చిన కాగితం వాళ్ళనే అడగాలి.

ఇక ఖాతాలో తప్ప మరెక్కడా దొరకనివి మిగులుతాయి. సాధారణంగా ఫోటోలు, సొంత ఉత్తరాలు, యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలు. గూగుల్‌ని అడగాల్సింది వీటి కోసమే.

ఫోటోలకు కూడా ముందు ఇల్లు వెతకండి:

- ఫోన్‌లో మెమరీ కార్డు ఉందా? మామూలు స్టోరేజ్‌గా వాడినదైతే కార్డు రీడర్‌లో పెడితే కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. ఫోన్ లోపలి మెమరీలో భాగంగా ఫార్మాట్ చేసినదైతే వేరే చోట తెరుచుకోదు. "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటర్ అడిగితే ఒప్పుకోకండి.
- పాత ఫోన్, పెన్‌డ్రైవ్, బీరువాలో సీడీలు.
- కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఉన్న అందరి ఫోన్లు.
- ఆయన ఎవరితోనైనా గూగుల్ ఫోటోస్ ఆల్బమ్ పంచుకున్నారా? అలాగైతే వాళ్ళు ఇప్పుడే సేవ్ చేసుకోవాలి. ఖాతా మూసేస్తే పంచుకున్న ఆల్బమ్ కూడా పోతుంది.

మాకు పెదనాన్న ఫోన్ మెమరీ కార్డులో చాలా ఏళ్ళ ఫోటోలు దొరికాయి. చివరి రెండేళ్ళవి మాత్రం అందులో లేవు.

## 3. పాస్‌వర్డ్ ఎందుకు చెప్పరు

"ఏటిరా, వాళ్ళ దగ్గరే ఉంటాది కదా, చెప్తే ఏం పోతాది?" అంది పెద్దమ్మ. న్యాయమైన ప్రశ్నే.

నిజానికి వాళ్ళ దగ్గర ఉండదు. మనం పాస్‌వర్డ్ పెట్టగానే దాన్ని ఒక లెక్కలో వేసి గజిబిజి అక్షరాలుగా మార్చి, ఆ గజిబిజినే దాస్తారు. మరలో పట్టించిన పిండిని మళ్ళీ బియ్యం చేయలేం కదా, ఇదీ అంతే. మనం లాగిన్ అయిన ప్రతిసారీ కొత్తగా పిండి పట్టి, పాత పిండితో సరిపోయిందా అని చూస్తారు. కాబట్టి అసలు పాస్‌వర్డ్ కంపెనీ ఉద్యోగికి కూడా కనిపించదు.

"పోనీ కొత్తది పెట్టి ఇవ్వొచ్చుగా?" ఇక్కడ చట్టం అడ్డం వస్తుంది. గూగుల్, ఆపిల్, ఫేస్‌బుక్ అమెరికా కంపెనీలు. దాచిన ఉత్తరాల్లోని విషయాన్ని ఖాతాదారు సమ్మతి వంటి చట్టబద్ధమైన ఆధారం లేకుండా బయటివాళ్ళకు ఇవ్వకూడదని అక్కడ 1986 నాటి స్టోర్డ్ కమ్యూనికేషన్స్ చట్టం చెబుతుంది. చనిపోయిన మనిషి కొత్తగా సమ్మతి ఇవ్వలేడు. పైగా ఆ మెయిల్‌లో ఆయన ఒక్కరి మాటలే ఉండవు. ఆయనను నమ్మి రాసిన స్నేహితులవి, అప్పు అడిగిన బంధువులవి కూడా ఉంటాయి, వాళ్ళు బతికే ఉన్నారు.

2005లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక కోర్టు, చనిపోయిన సైనికుడి మెయిళ్ళను అతని తండ్రికి ఇవ్వమని యాహూను ఆదేశించింది. అప్పుడు కూడా యాహూ మెయిళ్ళను సీడీలో ఇచ్చింది, పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఖాతాలోని సమాచారం ఇవ్వడం వేరు, ఖాతా తాళం ఇవ్వడం వేరు. తాళం చేతికొస్తే ఆయన పేరుతో కొత్త ఉత్తరాలు రాయొచ్చు, ఆ మెయిల్‌కి ముడిపడిన మిగతా ఖాతాలన్నీ తెరవొచ్చు.

ఇక నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది గొంతు తగ్గించి అడిగేది ఒకటుంది. "సిమ్ మా దగ్గరే ఉంది. ఓటీపీ కొట్టి వెళ్ళిపోవచ్చు కదా?" కొన్నిసార్లు సాంకేతికంగా అవుతుంది కూడా. కానీ మరొకరి పాస్‌వర్డ్‌ను, గుర్తింపును మోసపూరితంగా లేదా దురుద్దేశంతో వాడితే మన ఐటీ చట్టం, 2000లోని 66సి సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఫోటో చూసుకోవడం దురుద్దేశం కాదని మీరు అనొచ్చు. రేపు అన్నదమ్ముల మధ్య ఆస్తి గొడవ వస్తే, నాన్న పోయాక ఆయన ఖాతాలో ఎవరు లాగిన్ అయ్యారు, ఏం చెరిపారు అనేదే మొదటి ప్రశ్న అవుతుంది. యూపీఐ, నెట్ బ్యాంకింగ్ జోలికైతే అసలు వెళ్ళొద్దు. అకౌంట్‌లో డబ్బు క్లెయిమ్ ద్వారానే తీసుకోవాలి.

## 4. కాగితాలు: ముందు ఇవి చేతిలో ఉండాలి

మరణ ధ్రువపత్రం. మరణం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రార్ దగ్గరే నమోదవుతుంది, ఇల్లు ఎక్కడున్నదీ లెక్కలోకి రాదు. విశాఖ నగరంలో జరిగితే జీవీఎంసీ. గాజువాక మనిషి విజయనగరం ఆసుపత్రిలో పోతే అక్కడే. ఆసుపత్రిలో జరిగితే సమాచారం ఆసుపత్రివాళ్ళే పంపుతారు, ఇంట్లో జరిగితే మనమే 21 రోజుల్లోపు చెప్పాలి. 21 దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో సరిపోతుంది. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి.

పేరు దగ్గర ఆగి చూడండి, నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ ఇక్కడివే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, గూగుల్‌లో చివర అడుగుతారు. ఆసుపత్రి కాగితంలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, జీమెయిల్‌లో అసలే ఉండదు. ధ్రువపత్రంలో పేరు ఆధార్‌తో సరిపోయేలా మొదటే చూసుకోండి. తప్పు పడితే రిజిస్ట్రార్ దగ్గర సవరణకు అవకాశం ఉంది. విసుగనిపించినా చేయించండి, ఆ ఒక్క కాగితం ఇంకా చాలా చోట్ల చూపించాలి.

మీ సంబంధం చూపే కాగితం. తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. దరఖాస్తు సచివాలయంలో గానీ మీసేవలో గానీ పెట్టొచ్చు.

మీ గుర్తింపు కార్డు. పాస్‌పోర్టు ఉంటే అదే మేలు, పేరు రెండు భాగాలుగా స్పష్టంగా ఉంటుంది.

అనువాదం. ఇంగ్లిష్‌లో లేని కాగితానికి ఇంగ్లిష్ అనువాదం, అదీ నోటరీ చేయించి జతపరచమంటారు. మరణ ధ్రువపత్రం సాధారణంగా తెలుగు, ఇంగ్లిష్ రెండిట్లోనూ వస్తుంది. తెలుగులో మాత్రమే ఉన్న కాగితాలకు జిల్లా కోర్టు దగ్గర నోటరీలు దొరుకుతారు.

స్కాన్ చేసేటప్పుడు నాలుగు మూలలూ, సీలూ, నంబరూ కనిపించాలి. ఫోన్‌లో వంకరగా తీసిన ఫోటో పెట్టి తిప్పి పంపించుకున్నవాళ్ళు నాకు బాగా తెలుసు, అందులో నేనూ ఒకణ్ణి.

## 5. గూగుల్ ఫారం నింపడం

గూగుల్ సహాయ పేజీలో ఈ పేరుతో వెతకండి: `Submit a request regarding a deceased user's account`. ఇది పూర్తిగా ఉచితం. దీనికి ఫోన్ నంబరు లేదు. నెట్‌లో "గూగుల్ కస్టమర్ కేర్" అని కనిపించే నంబర్లకు ఫోన్ చేస్తే పోయేది మీ డబ్బే.

ఫారంలో మూడు దారులుంటాయి: ఖాతా మూసేయడం, ఖాతాలోని డబ్బు అడగడం, సమాచారం అడగడం. డబ్బు అంటే యూట్యూబ్ ఆదాయం లాంటిది, బ్యాంకు డబ్బు కాదు.

వరుస ఇది:

1. ముందు సమాచారం అడగండి. మూసేయమని చివర్లో అడగండి. మూసేస్తే ఫోటోలు, మెయిళ్ళు అన్నీ పోతాయి.
2. చనిపోయినవారి పేరు ధ్రువపత్రంలో ఉన్నట్టే రాయండి. మెయిల్ చిరునామా అక్షరం అక్షరం సరిచూడండి. ఆయన మీకు పంపిన పాత మెయిల్ తెరిచి కాపీ చేసుకోవడం మంచిది.
3. మీ సొంత మెయిల్ ఇవ్వండి. ఆయన మెయిల్‌ను సంప్రదింపులకు ఇచ్చినవాళ్ళు ఉన్నారు, జవాబు ఎప్పటికీ చూడలేరు.
4. ఏం కావాలో విడిగా చెప్పండి. "అంతా కావాలి" అనొద్దు. మేం ఫలానా రెండేళ్ళ ఫోటోలు మాత్రమే అని రాశాం.
5. కుటుంబంలో ఒక్కరే పంపాలి. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా పంపితే అడిగేవాళ్ళలో అసలు ప్రతినిధి ఎవరన్న సందేహం వస్తుంది.
6. పంపిన తేదీ, వచ్చిన నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి.

## 6. జవాబు వచ్చాక

మాకు ఐదు వారాలు పట్టింది. మొదటి జవాబు మరణ ధ్రువపత్రం స్పష్టంగా లేదని. మళ్ళీ స్కాన్ చేసి పంపాం. రెండో జవాబు, ముందుకు వెళ్ళాలంటే అమెరికా కోర్టు ఉత్తర్వు కావాలని.

చాలామంది ఇక్కడే హతాశులవుతారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అక్కడ లాయరును పెట్టుకోవడమంటే ఖర్చు పెద్దదే, ఉత్తర్వు తెచ్చినా సమాచారం ఇస్తారన్న హామీ ఏమీ ఉండదు. ఖాతాలో వ్యాపార ఆదాయమో, పుస్తకం రాతప్రతో ఉంటే ఆలోచించండి. రెండేళ్ళ ఫోటోల కోసం మేం ఆ దారి పట్టలేదు. మన జిల్లా కోర్టులో తీసుకునే వారసత్వ ధ్రువపత్రం బాకీలకు, సెక్యూరిటీలకు పనికొస్తుంది గానీ, అమెరికా కోర్టు ఉత్తర్వుకు బదులుగా చెల్లదు.

మరో గడువు గుర్తుంచుకోండి. రెండేళ్ళపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాను, అందులోని సమాచారంతో సహా గూగుల్ తొలగించవచ్చు. ఈ నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. స్టోరేజ్‌కి కట్టే డబ్బు ఆగిపోతే ఉచితంగా ఇచ్చే 15 జీబీకి పడిపోతుంది. అది దాటి ఉంటే కొత్త మెయిళ్ళు రావు. అంటే బీమా కంపెనీ పంపే ఉత్తరం కూడా వెనక్కి వెళ్తుంది. అందుకే ఆ కంపెనీలన్నిటికీ మీ మెయిల్ ఇచ్చి మార్పించుకోవడం మూసివేతకు ముందే అయిపోవాలి.

మూసేయమని ఫారం పెట్టే ముందు:

- బ్యాంకు, బీమా, పెన్షన్, గ్యాస్, కరెంటు: అన్నిటా మీ నంబరు, మెయిల్ నమోదయ్యాయా?
- పంచుకున్న ఆల్బమ్‌లు అందరూ సేవ్ చేసుకున్నారా?
- కుటుంబంలో అందరూ ఒప్పుకున్నారా? వాట్సాప్‌లో ఒక "సరే" అయినా తీసుకోండి.

## 7. ఆపిల్, ఫేస్‌బుక్ అయితే

ఆపిల్‌లో ఆయన బతికుండగా మిమ్మల్ని లెగసీ కాంటాక్ట్‌గా, అంటే తన తర్వాత ఖాతా చూసుకునే మనిషిగా పెట్టి ఉంటే పని తేలిక. ఆయన మీకిచ్చిన యాక్సెస్ కీ, మరణ ధ్రువపత్రం రెండూ `digital-legacy.apple.com`లో ఇవ్వాలి. ఒప్పుకుంటే ఫోటోలు, మెసేజ్‌లు, ఫైళ్ళు మూడేళ్ళపాటు చూసుకోవచ్చు, తర్వాత ఖాతా చెరిగిపోతుంది. దాచిన పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, కొన్న సినిమాలు ఇవ్వరు. కీ లేకపోతే మళ్ళీ కోర్టు ఉత్తర్వు మాటే. ఐఫోన్ లాక్‌ను మాత్రం ఫోన్ చెరపకుండా ఆపిల్ కూడా తీయలేదు.

ఫేస్‌బుక్‌లో రెండు దారులు: ఖాతాను స్మృతి పేజీగా ఉంచడం, లేదా తొలగించమని అడగడం. స్మృతిగా మారాక పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు కూడా లాగిన్ కాలేరు. లెగసీ కాంటాక్ట్ ఉన్నా మెసేజ్‌లు చదవలేరు. ఆయన ఒక్కరే అడ్మిన్‌గా నడిపిన పేజీ ఉంటే అది కూడా పోతుంది. అపార్ట్‌మెంట్ సంఘం పేజీయో, గుడి కమిటీ పేజీయో ఆయన చేతిలో ఉందేమో ముందే కనుక్కోండి.

## 8. మీ ఖాతాకు ఇప్పుడే చేసుకునే అమరిక

పైన చెప్పిన తిరుగుడంతా తప్పించేది ఒకటే, దాని పేరు `Inactive Account Manager`. ఫోన్‌లో గాని కంప్యూటర్‌లో గాని ఇది తెరవండి:

```
myaccount.google.com/inactive
```

ఎన్నాళ్ళు వాడకపోతే ఖాతా నిద్రపోయినట్టు లెక్కించాలో 3, 6, 12, 18 నెలల్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ గడువు ముగిసే ముందు గూగుల్ మీకే మెసేజ్‌లు, మెయిళ్ళు పంపి అడుగుతుంది. జవాబు లేకపోతే మీరు పేర్కొన్న మనుషులకు తెలియజేస్తుంది. పది మంది వరకు పెట్టొచ్చు. ఎవరికి ఏది ఇవ్వాలో కూడా విడిగా చెప్పొచ్చు: కూతురికి ఫోటోలు, కొడుక్కి డ్రైవ్‌లోని కాగితాలు, మెయిళ్ళు ఎవరికీ వద్దు. కబురు అందాక డౌన్‌లోడ్ చేసుకోవడానికి వాళ్ళకు మూడు నెలల సమయం ఉంటుంది. ఇక్కడ కూడా వాళ్ళకు అందేది సమాచారమే, పాస్‌వర్డ్ కాదు.

రెండు జాగ్రత్తలు. మీరు పెట్టే మనిషి ఫోన్ నంబరు సరిగా ఉండాలి, దాన్ని బట్టే అది అసలు మనిషేనా అని గూగుల్ తేల్చుకుంటుంది. "అంతా అయ్యాక ఖాతా తొలగించు" అన్న చివరి మీట నొక్కాలా వద్దా అనేది ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించండి.

పెదనాన్న ఖాతా మూసేసిన రోజే పెద్దమ్మ తన ఫోన్ నా చేతికిచ్చింది. ఆరు నెలలు పెట్టాం, అన్నయ్య పేరూ మనవరాలి పేరూ రాశాం. ఫోటోలు ఇద్దరికీ టిక్ చేశాను. మెయిల్ దగ్గరికి వచ్చేసరికి, "అది ఎవరికీ వద్దులేరా" అంది.